సన్నబడే పైపులో పీడనం ఎంత పడిపోతుంది? లెవెల్ పైపుతో కొలిచి, చీనీ తోట వెంచురీ దాకా లెక్కకట్టే పద్ధతి

అనంతపురం చుట్టుపక్కల చీనీ తోటలున్నవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, డ్రిప్పుకు వెంచురీ పెట్టినాం. ఎరువు లాగడం లేదు. ఏం చేయల్ల?" ఇంటర్ పిల్లలు అడిగేది వేరే ప్రశ్న. "పైపు సన్నబడిన చోట నీళ్లు ఇరుక్కుంటాయి గదా, ప్రెషర్ పెరగల్ల గదా సార్, తగ్గుతుందంటారేమి?" వెంచురీ అంటే నడిమి గొంతు సన్నగా ఉండి, పారే నీటితోనే ఎరువు నీళ్లను డ్రిప్పు లైనులోకి లాగే ముక్క. రెండింటికీ జవాబు ఒకే లెక్కలో ఉంది. ఆ లెక్క ఎలా వేయాలో, వేసింది నిజమో కాదో మిద్దె ట్యాంకు నీళ్లతో ఎలా చూసుకోవాలో, తర్వాత దాన్ని వెంచురీకి ఎలా వాడాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఇది నేలకు సమాంతరంగా ఉన్న పైపు లెక్క. ఎత్తుపల్లాలు లేవు కాబట్టి చూడవలసినవి రెండే: నీటి వేగం, నీటి పీడనం.

## 1. ముందు కొలమానం కుదుర్చుకోండి

పుస్తకాల్లో ఘనమీటరు నీటికి ఇన్ని జౌళ్లు, ఇన్ని పాస్కళ్లు అని వేలల్లో అంకెలు ఉంటాయి. బకెట్టుతో పనిచేసేవాళ్లకు అవి చేతికి అందవు. అందుకే ఒక లీటరు నీటిని పట్టుకుందాం. లీటరు నీళ్లు ఒక కిలో బరువు.

ఆ లీటరు దగ్గర రెండు రకాల శక్తి ఉంటుంది. ఒకటి కదలిక వల్ల వచ్చేది, అంటే గతిశక్తి. సెకనుకు 2 మీటర్ల వేగంతో పోయే లీటరు నీటికి అది 2 జౌళ్లు. రెండోది వెనకనున్న నీరు దాన్ని తోయడం వల్ల వచ్చేది, అదే పీడనం. పీడనాన్ని కూడా లీటరుకు ఇన్ని జౌళ్లు అని చెప్పొచ్చు. ఒక కిలోపాస్కల్ అంటే లీటరుకు సరిగ్గా ఒక జౌల్.

లీటరు నీటిని 10 సెంటీమీటర్లు పైకెత్తడానికి దాదాపు ఒక జౌల్ పడుతుంది. కాబట్టి పైపుకు నిలువుగా బిగించిన పారదర్శక గొట్టంలో నీళ్లు 10.2 సెం.మీ. ఎక్కితే, ఆ చోట పీడనం లీటరుకు ఒక జౌల్ అన్నమాట. డ్రిప్పు గేజీ మీద కనిపించే 1 కిలో (చదరపు సెంటీమీటరుకు) అంటే లీటరుకు 98 జౌళ్లు, నీటి ఎత్తులో 10 మీటర్లు.

ఈ మూడు మారకాలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇక్కడి నుంచి చివరిదాకా ఇవే వాడతాం.

## 2. లెక్కకు కావలసిన మూడు వరుసలు

```
v = 1273 × Q / d²
e = v² / 2
p1 + e1 = p2 + e2
```

మొదటి వరుసలో Q అంటే సెకనుకు ఎన్ని లీటర్లు పోతున్నాయో అది. d అంటే పైపు లోపలి వ్యాసం, మిల్లీమీటర్లలో. v అంటే వేగం, సెకనుకు మీటర్లలో. 1273 వృత్తం వైశాల్యం నుంచీ, లీటర్లనూ మిల్లీమీటర్లనూ మార్చడం నుంచీ వచ్చిన అంకె.

సాంతత్య సమీకరణం ఈ మొదటి వరుసలోనే ఉంది. పైపు నిండుగా పారుతున్నప్పుడు, మధ్యలో కారిపోవడం గానీ కొత్తగా కలవడం గానీ లేనప్పుడు, లావు భాగంలో సెకనుకు ఎన్ని లీటర్లు పోతాయో సన్న భాగంలోనూ అన్నే పోవాలి. నీటిని నొక్కి చిన్నది చేయలేం. కాబట్టి రెండు చోట్లా Q ఒక్కటే, d మాత్రమే మారుతుంది.

రెండో వరుస లీటరు నీటి గతిశక్తి. మూడో వరుస బెర్నౌలీ చెప్పింది: రాపిడిలో ఏమీ పోకపోతే, లీటరు నీటి దగ్గర పీడనశక్తీ గతిశక్తీ కలిపిన మొత్తం మారదు.

పిల్లల ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. సన్న భాగంలోకి పోయేటప్పుడు నీరు వేగం పెంచుకోవాలి. వేగం పెరగాలంటే దాన్ని ఎవరో ముందుకు తోయాలి. వెనక తోపు ఎక్కువ, ముందు తోపు తక్కువ ఉంటేనే నీరు ముందుకు ఉరుకుతుంది. అంటే ముందున్న సన్న భాగంలో పీడనం తక్కువగా ఉండి తీరాలి. అక్కడే పీడనం ఎక్కువుంటే నీరు వేగం అందుకోవడం పోయి, నెమ్మదించాల్సి వచ్చేది.

## 3. ఒక లెక్క పూర్తిగా

లావు పైపు లోపలి వ్యాసం 50 మి.మీ., సన్నది 25 మి.మీ. అనుకుందాం. 20 లీటర్ల బకెట్టు 20 సెకన్లలో నిండుతోంది. అంటే Q = 1.

లావు పైపులో వేగం: 1273 ÷ 2500 = 0.51. గతిశక్తి: 0.51 × 0.51 ÷ 2 = 0.13 జౌల్.

సన్న పైపులో వేగం: 1273 ÷ 625 = 2.04. గతిశక్తి: 2.08 జౌళ్లు.

తేడా 1.95 జౌళ్లు. లీటరు నీరు పీడనం ఖాతాలోంచి 1.95 జౌళ్లు తీసి వేగం ఖాతాలో వేసుకుంది. ఎత్తులోకి మార్చితే 1.95 × 10.2 = 19.9, అంటే దాదాపు 20 సెం.మీ. సన్న పైపు మీది గొట్టంలో నీటి మట్టం లావు పైపు మీది మట్టం కంటే జానెడు కిందికి ఉండాలి.

వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతు అయింది, వేగం నాలుగింతలైంది, గతిశక్తి పదహారింతలైంది. వ్యాసంలో చిన్న తేడా పీడనంలో ఎంత పెద్దదై కనిపిస్తుందో గుర్తుంచుకోండి. కింద చెప్పబోయే తప్పులన్నిటికన్నా ఖరీదైనది దీంట్లోంచే పుడుతుంది.

ఇంకో మాట. ఈ 1.95 జౌళ్లు డ్రిప్పు గేజీ మీద 0.02 కిలో కూడా కాదు. ముల్లు కదిలినట్టే కనిపించదు. "గేజీ పెట్టి చూసినాం సార్, తేడా ఏం లేదు" అన్నవాళ్లు నిజమే చెప్పారు. చూడాల్సిన పనిముట్టు అది కాదు. మేస్త్రీలు గోడల మట్టం చూసుకునే పారదర్శక లెవెల్ పైపు ముక్క దీనికి చక్కగా పనిచేస్తుంది.

## 4. మిద్దె కింద అమరిక: ముందు సిద్ధం చేసుకోవలసినవి

- మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే లైను, దానికి ఒక గేటు వాల్వు
- లావు పైపు ముక్క, కనీసం ఒక మీటరు
- రెడ్యూసర్
- సన్న పైపు ముక్క, ఒక మీటరు
- లెవెల్ పైపు, మీటరు పొడవు ముక్కలు రెండు
- 3 మి.మీ. డ్రిల్ బిట్, సన్న గరుకు కాగితం, ఎంసీల్
- 20 లీటర్ల బకెట్టు, ఫోన్‌లో స్టాప్‌వాచ్
- స్కేలు, దొరికితే వెర్నియర్

బోరు మోటారుకు నేరుగా తగిలించకండి. మోటారు పీడనానికి నీళ్లు గొట్టాల పైనుంచి చిమ్ముతాయి, మట్టం కూడా ఒక్క చోట నిలవదు. ట్యాంకు నీళ్లు నిదానంగా, ఒకే తీరుగా వస్తాయి. కొలిచే కొద్ది నిమిషాలూ ట్యాంకులోకి మోటారు వేయకుండా ఉంచండి.

## 5. వరుసగా చేయవలసిన పని

మొదటిది, లోపలి వ్యాసం కొలవడం. పైపును అతికించక ముందే కొలవండి. కోసిన చివరను గరుకు కాగితంతో నున్నగా చేసి, రెండు అడ్డదిక్కుల్లో కొలిచి సగటు తీసుకోండి.

మన దగ్గర పీవీసీ పైపు మీద ముద్రించే 50, 32 లాంటి అంకెలు బయటి వ్యాసాలు. దీనివల్ల ఎంత తేడా వస్తుందో చూడండి. 50 అని రాసిన పైపునూ, 32 అని రాసిన పైపునూ అలాగే లెక్కలో వేస్తే మట్టాల తేడా 6.6 సెం.మీ. రావాలి. గోడ మందం చుట్టూ 2 మి.మీ. ఉంటే లోపల నిజంగా ఉన్నవి 46, 28. వాటితో లెక్క వేస్తే 11.6 సెం.మీ. "బెర్నౌలీ సూత్రం ఇచ్చే తేడా, కొలిచినదాంట్లో సగమే వస్తోంది సార్" అని ఒక అబ్బాయి నోటుపుస్తకం పట్టుకొచ్చాడు. సూత్రం బాగానే ఉంది, అతను పైపు మీది ముద్ర చదివాడు, అంతే.

రెండోది, రంధ్రాలు ఎక్కడ. లావు పైపులో రెడ్యూసర్‌కు 10 సెం.మీ. ముందు ఒకటి, సన్న పైపులో రెడ్యూసర్ దాటి 10 సెం.మీ. తర్వాత ఒకటి. గేటు వాల్వుకూ మొదటి రంధ్రానికీ మధ్య అర మీటరు తిన్నని పైపు ఉండాలి. వాల్వు దాటిన నీరు సుడులు తిరుగుతూ వస్తుంది, అవి సర్దుకోవడానికి ఆ దూరం కావాలి. రెడ్యూసర్‌ను ఆనుకొనే రంధ్రం పెడితే, అక్కడ నీటి ధార ఇంకా సర్దుకోక మట్టం తప్పు చూపిస్తుంది.

మూడోది, గొట్టం బిగించడం. ఇక్కడ చాలామంది డ్రిప్పు సామాను వాడతారు: రబ్బరు గ్రోమెట్ పెట్టి టేకాఫ్ నొక్కడం. సులువుగా అయిపోతుంది, కానీ టేకాఫ్ కొన పైపు లోపలికి పొడుచుకొని ఉంటుంది. సన్న పైపులో ఆ కొనే నీటికి అడ్డం. దాన్ని చుట్టుకొని పోయే నీరు మట్టాన్ని మార్చేస్తుంది. 3 మి.మీ. రంధ్రం నిలువుగా వేసి, లోపలి అంచున లేచిన పీచును గరుకు కాగితంతో తీసేసి, చిన్న గొట్టం ముక్కను బయటినుంచే ఎంసీల్‌తో నిలబెట్టండి. లోపల సన్న పుల్ల పెట్టి తడిమితే ఏమీ తగలకూడదు.

నాలుగోది, సమాంతరం. రెండు పైపుల నడిమి గీత ఒకే మట్టంలో ఉండాలి. రెండు పైపులనూ నేల మీద పెడితే సన్నదాని నడిమి గీత కిందికి పోతుంది. దాని కింద ఇటుక పెంకో, చెక్కో పెట్టండి. నీటి ఎత్తులు రెండూ ఆ నడిమి గీత నుంచే కొలవండి.

అయిదోది, నిశ్చల పరీక్ష. దీన్ని ఎవరూ చేయరు, తప్పకుండా చేయవలసింది ఇదే. సన్న పైపు చివర మూత పెట్టి, వాల్వును కొద్దిగా తెరిచి, గొట్టాల్లో నీళ్లు మూరెడు ఎక్కగానే వాల్వు మూసేయండి. నీరు కదలడం లేదు కాబట్టి రెండు మట్టాలూ ఒకటిగా ఉండాలి. లేవంటే గొట్టంలో గాలిబుడగ ఉంది, లేదా రంధ్రం మూసుకుంది. గొట్టాన్ని వేలితో తడుతూ బుడగను పైకి పంపి, మట్టాలు కలిసేదాకా ముందుకు పోవద్దు.

ఆరోది, పారనివ్వడం. మూత తీసి, చివర తెరిచే ఉంచి, వాల్వును నెమ్మదిగా తెరవండి. సన్న పైపు నోటి దగ్గర నీరు నిండుగా రావాలి. పై సగం ఖాళీగా ఉండి కింద మాత్రమే పారుతుంటే సాంతత్యం లెక్క చెల్లదు. బకెట్టు 20 సెకన్లలో నిండేలా వాల్వు సర్దండి. మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి.

ఏడోది, మట్టాలు చదవడం. మట్టం కొంచెం ఊగుతూ ఉంటుంది. పై గీతా కింది గీతా చూసి మధ్యది రాసుకోండి. చదవడం అయ్యాక బకెట్టు ఇంకోసారి పెట్టి, మధ్యలో నీటి రాక మారలేదని నిర్ధారించుకోండి.

## 6. కొలిచింది లెక్కకు ఎందుకు సరిపోదు

50, 25 మి.మీ. లోపలి వ్యాసాలతో, సెకనుకు లీటరు నీటితో మా ఇంట్లో నాకు వచ్చిన తేడా 25 సెం.మీ. లెక్క చెప్పింది 20. ఈ 5 సెంటీమీటర్లను "ప్రయోగ దోషం" అని రాసి వదిలేయడం నాకు ఇష్టముండదు. వాటికి లెక్క ఉంది.

సన్న పైపులో సెకనుకు 2 మీటర్ల వేగంతో పోయే నీరు గోడల రాపిడికి మీటరుకు దాదాపు 16 సెం.మీ. ఎత్తు పోగొట్టుకుంటుంది. రంధ్రం 10 సెం.మీ. దూరంలో ఉంది కాబట్టి అక్కడికి చేరేసరికి ఒకటిన్నర సెంటీమీటరు పోయింది. మిగతాది రెడ్యూసర్‌లో పోయింది. నున్నగా వాలుగా ఉండే రెడ్యూసర్ అయితే రెండు మూడు సెంటీమీటర్లు పోతుంది. మెట్టులా ఒక్కసారిగా తగ్గేదైతే దాదాపు 8 సెం.మీ. పోతుంది.

ఇక్కడ గమనించవలసింది దిక్కు. రాపిడి ఎప్పుడూ మట్టాల తేడాను పెంచుతుంది. మీకు వచ్చింది లెక్క కంటే ఎక్కువుంటే కారణం రాపిడిలో వెతకండి. తక్కువ వచ్చిందంటే రాపిడి కాదు. వ్యాసమో, బకెట్టు లెక్కో, రంధ్రమో తప్పు.

రెడ్యూసర్ దాటాక మళ్లీ 50 మి.మీ. పైపు తగిలించి మూడో గొట్టం పెడితే ఇంకో సంగతి తెలుస్తుంది. వేగం తగ్గింది కాబట్టి పీడనం తిరిగి పెరుగుతుంది, కానీ మొత్తం తిరిగి రాదు. ఒక్కసారిగా వెడల్పయ్యే చోట పోయే శక్తి, రెండు వేగాల తేడాను వర్గం చేసి సగం చేస్తే వస్తుంది: 1.53 × 1.53 ÷ 2 = 1.17 జౌళ్లు. అంటే 1.95 లో తిరిగి వచ్చేది 0.78 మాత్రమే. ఇరవై సెంటీమీటర్లు దిగి ఎనిమిది ఎక్కినట్టు. నెమ్మదిగా, పొడుగ్గా వెడల్పయితే చాలా భాగం తిరిగి వస్తుంది. వెంచురీకి మూతి వైపు పొట్టిగానూ తోక వైపు పొడుగ్గానూ ఉండటానికి కారణం ఇదే. దాన్ని తిరగేసి బిగించిన తోటలు నేను చూశాను. బాణం గుర్తు చూసి బిగించండి.

## 7. బొటనవేలి సందేహం

"గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు గట్టిగా కొడతాయి గదా, అంటే ప్రెషర్ పెరిగినట్టే గదా?" అని అడుగుతారు. ఇందులో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి.

వేలు పెట్టగానే నీటి రాక తగ్గుతుంది. బకెట్టు పెట్టి చూడండి, నిండటానికి ఎక్కువసేపు పడుతుంది. రాక తగ్గింది కాబట్టి గొట్టం పొడవునా రాపిడి నష్టం తగ్గి, వేలి వెనక పీడనం పెరుగుతుంది. ఆ పెరిగిన పీడనమంతా వేలి సందులో వేగంగా మారుతుంది. బయటపడిన ధారలో నీటి పీడనం చుట్టూ ఉన్న గాలి పీడనమే. మీ అరచేతికి తగిలి చుర్రుమనిపించేది ఆ వేగం.

మన లెక్క పోల్చేది ఒకే సమయంలో, ఒకే పారకంలో ఉన్న రెండు చోట్లను. వేలు పెట్టక ముందునూ పెట్టిన తర్వాతనూ పోల్చడం వేరే లెక్క, అక్కడ Q మారిపోయింది.

## 8. ఇదే లెక్క వెంచురీకి

వెంచురీ ఎరువు లాగాలంటే దాని గొంతు దగ్గర పీడనం గాలి పీడనం కంటే కిందికి పోవాలి. గేజీ భాషలో సున్న కంటే కిందికి. ఎరువు బకెట్టు అర మీటరు కింద ఉంటే, ఇంకో 5 జౌళ్లు కిందికి పోవాలి.

వెంచురీ లోపలికి వచ్చే చోట 25 మి.మీ., గొంతు 9 మి.మీ., వచ్చే పీడనం 1 కిలో, అంటే 98 జౌళ్లు. వెంచురీ గుండా సెకనుకు లీటరు పోతోంది.

వచ్చే చోట గతిశక్తి ముందే చూశాం, దాదాపు 2 జౌళ్లు. మొత్తం 100.

గొంతులో వేగం: 1273 ÷ 81 = 15.7. గతిశక్తి: 123 జౌళ్లు.

నీటి దగ్గర ఉన్నది 100, గొంతు అడుగుతున్నది 123. కొరత 23. గొంతు పీడనం సున్నకు 23 జౌళ్లు కింద ఉంది, అంటే రెండు మీటర్లకు పైగా కిందినుంచి లాగగలదు. రాపిడిని పక్కన పెట్టి వేసిన లెక్క ఇది. అయినా అర మీటరుకు ఇబ్బంది లేదు.

ఇప్పుడు రాక మార్చి చూడండి. 0.9 లీటరైతే గొంతు గతిశక్తి 100, దగ్గరున్నదీ దాదాపు 100. లాగుడు సున్న. సగం లీటరైతే గతిశక్తి 31 మాత్రమే. దగ్గరున్న 98.5 లోంచి అది పోను గొంతులో ఇంకా దాదాపు 68 జౌళ్ల పీడనం మిగిలింది. అప్పుడు లాగడం మాట అటుంచి, నీళ్లే ఎరువు బకెట్లోకి తోసుకొస్తాయి.

నార్పల వైపు మా బావమరిది తోటలో జరిగింది అదే. "బావా, ఎరువు లాగడం లేదు, బకెట్లోకే నీళ్లు వస్తాండాయి" అని ఫోన్ చేశాడు. పోయి చూస్తే వెంచురీకి ముందు గేజీ 1 కిలో, తర్వాత గేజీ 0.9. వెంచురీ పక్కదారిలో ఉంది, మెయిన్ లైను వాల్వు పూర్తిగా తెరిచి ఉంది. నీటికి సులువైన దారి దొరికింది కాబట్టి ఎక్కువ భాగం అటే పోతోంది. గొంతులోకి వచ్చింది కొంచెమే. అమ్మినవాళ్లు వెంచురీ చెడిపోయిందని కొత్తది కొనమన్నారట.

మెయిన్ వాల్వును పావు తిప్పు చొప్పున మూస్తూ వచ్చాం. తర్వాతి గేజీ 0.8 కి దిగినప్పుడు బకెట్లోకి నీళ్లు రావడం తగ్గింది. 0.65 దగ్గర సన్న గొట్టంలో ఎరువు రంగు పైకి పాకింది. వెంచురీకి ముందూ వెనకా పీడనంలో మంచి తేడా లేకపోతే గొంతులోకి తగినంత నీరు రాదు. ఎంత తేడా కావాలో వెంచురీ రకాన్ని బట్టి మారుతుంది, దాంతో వచ్చే కాగితంలో ఉంటుంది. ఆ కాగితం పారేయకండి.

## 9. లాగనప్పుడు చూడవలసిన వరుస

- బాణం గుర్తు నీరు పోయే దిక్కునే ఉందా
- ముందు, తర్వాత గేజీల తేడా ఎంత. తక్కువుంటే మెయిన్ వాల్వు మూస్తూ రండి
- ఎరువు గొట్టం కీళ్లలో గాలి లాగుతోందా. కీలు మీద సబ్బు నీళ్లు వేస్తే, పీల్చే చోట బుడగలు రాకుండా నురగ లోపలికి పోతుంది
- ఎరువు గొట్టం చివరి జల్లెడ కరగని ఎరువుతో మూసుకుపోయిందా
- వెంచురీ తర్వాత లైను పొడుగ్గా, సన్నగా ఉండి అక్కడే పీడనం నిలబడిపోతోందా. డ్రిప్పు ఫిల్టరు మురికిపట్టినా ఇలాగే అవుతుంది
- ఎరువు గొట్టానికి వెనక్కి రానివ్వని వాల్వు ఉందా. మోటారు ఆగినప్పుడు ఎరువు బోరులోకి జారకుండా మెయిన్ లైనుకూ ఒకటి ఉండాలి

మెయిన్ వాల్వును ఇష్టమొచ్చినంత మూస్తే లాగుడు పెరుగుతూ పోతుందనుకోకండి. పై వెంచురీలోనే సెకనుకు 1.3 లీటర్లు వేసి చూడండి. గొంతు సున్నకు 107 జౌళ్లు కింద ఉండాలని లెక్క వస్తుంది. అది జరగదు. అనంతపురం ఎత్తులో గాలి పీడనమే దాదాపు 97. నీరు 30 డిగ్రీల దగ్గర సుమారు 4 కిలోపాస్కళ్ల పీడనానికే మరుగుతుంది. ఆ హద్దు తగలగానే గొంతులో నీరు బుడగలై, ముందుకు పోయి పగులుతుంది. గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వింటే వాల్వును వెనక్కి తెరవండి, లేకపోతే గొంతు గోడలు తినేసుకుపోతాయి.

## 10. గొంతు అరిగిందా చూసుకోవడం

బోరు నీళ్లలో ఇసుక వచ్చే తోటల్లో వెంచురీ గొంతు నెమ్మదిగా అరుగుతుంది. గొంతు 9 నుంచి 9.5 మి.మీ. అయితే ఏమవుతుందో అదే లెక్కలో చూడండి: 1273 ÷ 90.25 = 14.1, గతిశక్తి 99.5. దగ్గరున్నది 100. సెకనుకు లీటరు నీటికి 23 జౌళ్లుగా ఉన్న లాగుడు, అర మిల్లీమీటరు అరుగుదలకే మాయమైపోయింది.

కంటితో చూస్తే ఈ తేడా తెలియదు. 9.5 మి.మీ. డ్రిల్ బిట్ ఒకటి తెచ్చుకొని, దాని నున్నటి వెనక భాగాన్ని గొంతులోకి దూర్చి చూడండి. కొత్త వెంచురీలో అది దూరదు. దూరిందంటే ఫిల్టరు, వాల్వులు, గొట్టాలు వెతకడం ఆపి వెంచురీ మార్చండి. ఇసుక వేరుచేసే ఫిల్టరు వెంచురీకి ముందు పెట్టకుండా మార్చితే, కొత్తదీ అలాగే అరుగుతుంది.